యక్షుడి ప్రశ్నలూ మన ప్రశ్నలూ

యక్షప్రశ్నల కథలో నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. అక్కడ అడిగేవాడికి జవాబులన్నీ ముందే తెలుసు. దాహంతో వచ్చినవాడు ధర్మరాజు. ఒడ్డున తమ్ముళ్లు నలుగురూ పడి ఉన్నారు. అతనికి కావలసినవి నీళ్లు, తమ్ముళ్ల ప్రాణాలు. కాని ప్రశ్నలు వేసే హక్కు మాత్రం అతనికి లేదు. చెరువు ఎవరిదో ప్రశ్నలూ వాళ్లవే.

"తరచుగా అడిగే ప్రశ్నలు" అనే పేరుతో సంస్థలు అచ్చేసే కాగితాల్లో చాలా భాగం ఈ కోవకే చెందుతాయని నా అభిప్రాయం. ముందు జవాబు రాసి పెట్టుకుంటారు. దానికి తగ్గ ప్రశ్నను తర్వాత అతికిస్తారు. "మా సేవల ప్రత్యేకతలు ఏమిటి?" అని ఈ భూమ్మీద ఎవరూ ఎవరినీ అడగలేదు. అయినా అది తరచుగా అడిగే ప్రశ్నల్లో మొదటిదై కూర్చుంటుంది.

పొడుగాటి సహాయ పత్రాన్ని ప్రశ్నలూ జవాబులుగా మార్చడం గురించి కొన్నాళ్లుగా నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పగటిపూట నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌కి సహాయ పత్రాలు రాయడమే. కాని ఆ అభిప్రాయాలు ఆఫీసులో ఏర్పడినవి కావు. నేనుండేది సింగపూర్ పడమటి వైపు, జురాంగ్ ఈస్ట్‌లో. ఎంఆర్‌టీ స్టేషన్ చుట్టూ పెద్ద మాల్స్, ఎంగ్ టెంగ్ ఫాంగ్ ఆస్పత్రి, ఆఫీసు భవనాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి దక్షిణంగా పెంజురు వైపు వెళ్తే వలస కార్మికుల డార్మిటరీలు, వాళ్లకోసం కట్టిన రిక్రియేషన్ సెంటర్ వస్తాయి. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లు ఆదివారం నాడు అక్కడ కనిపిస్తారు. శ్రీకాకుళం యాసా కరీంనగర్ యాసా పక్కపక్కనే వినిపిస్తాయి.

మేం కొందరం మిత్రులం వాళ్లకి ఫారాలు నింపడం, ఉత్తరాలు చదివి పెట్టడం లాంటి చిన్న పనులు చేస్తుంటాం. మా దగ్గర ఒక తెలుగు పత్రం ఉండేది. ఇంగ్లీషు నియమాలను ఎవరో ఓపిగ్గా అనువదించి తయారుచేసినది, 28 పేజీలు. జీతం, ఓవర్‌టైమ్, ప్రమాదాలు, ఇన్సూరెన్స్, వర్క్ పర్మిట్ రద్దు, అన్నీ అందులో ఉన్నాయి. తప్పు ఒక్కటి కూడా లేదు. దాన్ని చదివి పని జరిపించుకున్నవాణ్ణి మాత్రం మేం చూడలేదు. అందుకే దాన్ని ప్రశ్నలూ జవాబులుగా మార్చాలనుకున్నాం.

ఎవరికైనా మొదట తోచే పద్ధతి ఒకటుంది. శీర్షికలన్నిటి చివరా ప్రశ్నార్థకం పెట్టడం. "వేతన చెల్లింపు" అన్నది "వేతన చెల్లింపు అంటే ఏమిటి?" అవుతుంది. "ప్రమాద నష్టపరిహారం" కాస్తా "ప్రమాద నష్టపరిహారం ఎలా పొందవచ్చు?" అవుతుంది. ఒక్క సాయంత్రంలో పని అయిపోతుంది. 28 పేజీలు 29 అవుతాయి. పత్రం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అందుకని మేం పత్రం పక్కన పెట్టి నోట్‌బుక్ పట్టుకున్నాం. నాలుగు ఆదివారాలు, మా దగ్గరికి వచ్చినవాళ్లు అడిగినది అడిగినట్టే రాసుకున్నాం. సరిదిద్దకుండా, మర్యాద చెయ్యకుండా. అలా చూస్తే తేలిన మొదటి సంగతి, వాళ్లు అడిగేవాటిలో సగం ప్రశ్నలే కావు. "రెండు నెల్లయింది అన్నా, జీతం పడనేదు." "పైసలు పడ్డయి గని ఓటీ పడలె." ఒక సంగతి చెప్పి ఊరుకుంటారు. 'ఇప్పుడేం చెయ్యాలి' అన్నది ఆ మౌనంలో ఉంటుంది. పుస్తకం ప్రశ్న "ఏమిటి", "ఎలా" అంటూ మొదలవుతుంది. మనిషి ప్రశ్న జరిగినదానితో మొదలవుతుంది.

రెండో సంగతి మాటలది. 28 పేజీల్లో ఎక్కడా "జీతం" లేదు, "వేతనం" ఉంది. "దెబ్బ" లేదు, "గాయం" ఉంది. "పంపేస్తారు" లేదు, "స్వదేశానికి తిప్పి పంపుట" ఉంది. జీతం పడని మనిషి ఫోన్లో "జీతం" అని వెతికితే ఈ పత్రం అతనికి దొరకదు. ఇది భాషాభిమానం సమస్య కాదు, దొరకడం దొరకకపోవడం సమస్య. ప్రశ్నలో అడిగేవాడి మాట ఉండాలి. కంపెనీ కాగితాల మీద కనిపించే మాటను, అంటే బేసిక్, పేస్లిప్, లెవీ లాంటివాటిని, జవాబులో ఒకసారైనా వాడాలి. రేపు కాగితం మీద అదే మాట కనిపించినప్పుడు గుర్తుపట్టాలి కదా.

నోట్‌బుక్ తర్వాత పత్రం దగ్గరికి వచ్చాం. అది పేరాలుగా ఉంది. పేరా అంటే అనేక నియమాలు కలిసి కాపురం చేసే ఇల్లు. కాబట్టి ఒక్కొక్క నియమాన్నీ విడదీసి అంకె వేశాం. ఒక వాక్యంలో రెండు నియమాలుంటే రెండు అంకెలు. "అయితే", "తప్ప", "షరతుకు లోబడి" అని ఉన్నచోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టాం. ఆ తర్వాత నోట్‌బుక్‌లోని ప్రతి ప్రశ్న పక్కన దానికి జవాబు చెప్పే అంకెలు రాశాం. ఈ పని మహా విసుగు. కాని ఇది చెయ్యకుండా ఎఫ్‌ఏక్యూ రాయడమంటే, ఇల్లు మారేటప్పుడు సామాను లెక్క పెట్టకుండా లారీ ఎక్కించడమే.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చెప్తాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా దీంట్లోనే ఉంది.

జీతం బకాయి గురించి ఫిర్యాదు చెయ్యాలంటే సింగపూర్‌లో టాడెమ్ అనే సంస్థ ఉంది. కార్మికుడికీ యజమానికీ మధ్య ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే విషయం ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. దానికి గడువుంది. ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నవాడు, వివాదం మొదలైన ఏడాదిలోపు ఫిర్యాదు చెయ్యాలి. ఉద్యోగం ముగిసినవాడు, చివరి పనిరోజు నుంచి ఆరు నెలల్లోపు చెయ్యాలి.

మా పత్రంలో ఈ రెండు వాక్యాలూ ఉన్నాయి. కాని మొదటిది "వేతనాలు" అధ్యాయంలో, ఆరో పేజీలో. రెండోది "ఉద్యోగ ముగింపు" అధ్యాయంలో, 21వ పేజీలో. మొత్తం చదివేవాడికి ఇబ్బంది లేదు. ఇప్పుడు దీన్ని ఎఫ్‌ఏక్యూ చేద్దాం. "జీతం" అనే శీర్షిక కింద "జీతం ఫిర్యాదుకు గడువు ఎంత?" అని ప్రశ్న. "ఒక సంవత్సరం" అని జవాబు. చక్కగా, క్లుప్తంగా ఉంది. ఆరో పేజీ ప్రకారం నిజమే. దీన్ని మూడు నెలల కిందట కంపెనీ మానేసిన ఒక కుర్రవాడు చదువుతాడు. ఇంకా తొమ్మిది నెలలుందనుకుంటాడు. కొత్త కంపెనీలో కుదురుకున్నాక చూద్దాంలే అనుకుంటాడు. అతనికున్నది నిజానికి మూడు నెలలే.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక నిజాన్ని దాని పక్కనుండాల్సిన రెండో నిజం నుంచి విడదీశారు, అంతే. పొడుగు పత్రంలో షరతులు దూరంగానైనా ఒకే కప్పు కింద ఉంటాయి. ప్రశ్నలుగా కోసినప్పుడు, ఆ కత్తి ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి షరతు ఏ ముక్కలో మిగులుతుందో తేలుతుంది. ఏ ముక్కలోనూ మిగలకపోవచ్చు కూడా. అందుకే ఎఫ్‌ఏక్యూ అంటే పత్రాన్ని కుదించడం అనే మాటను నేను ఒప్పుకోను. సరిగా చేస్తే చాలాచోట్ల పెరుగుతుంది. ఒకే షరతును మూడు చోట్ల మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఈ గడువు ప్రశ్నను మేం చివరికి ఇలా రాశాం:

జీతం సరిగా రాలేదు. ఇంకా అదే కంపెనీలో పనిచేస్తున్నాను. ఎప్పటిలోపు ఫిర్యాదు చెయ్యాలి?
ఏడాదిలోపు. జీతం రావాల్సిన రోజు నుంచి లెక్క. ఈలోగా ఉద్యోగం మానేసినా, తీసేసినా గడువు మారుతుంది. అప్పుడు చివరి పనిరోజు నుంచి ఆరు నెలలే.

కంపెనీ మానేశాను. పాత జీతం ఇంకా రావాలి. ఎప్పటిలోపు ఫిర్యాదు చెయ్యాలి?
చివరి పనిరోజు నుంచి ఆరు నెలల్లోపు. కొత్త ఉద్యోగంలో చేరినా పాత కంపెనీ మీద ఫిర్యాదు చెయ్యవచ్చు.

నియమం ఒకటే అయినా, అడిగే మనిషి ఉన్న పరిస్థితిని బట్టి ప్రశ్న రెండుగా చీలింది. ఎక్కడ చీల్చాలో చెప్పే కొలత ఇదే. జవాబు "మీరు ఫలానా అయితే ఇలా, కాకపోతే అలా" అని మొదలైతే, ఆ "అయితే" జవాబులోంచి తీసి ప్రశ్నలో పెట్టాలి. చదివేవాడికి తన పరిస్థితి తెలుసు. తనది ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియదు. తెలిసినదానితో వెతుక్కోనివ్వాలి.

జవాబు మొదటి మాట గురించి కూడా చెప్పాలి. ఇది మన భాషకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. తెలుగు వాక్యంలో తీర్పు చివర ఉంటుంది. "ఎవరైనా యజమాని, కార్మికుని అనుమతి ఉన్నప్పటికీ లేనప్పటికీ, భద్రత కోసమని చెప్పి పాస్‌పోర్టును తన వద్ద ఉంచుకొనుట..." ఇంతవరకూ చదివినా ఉంచుకోవచ్చో కూడదో తెలియదు. ఆఖరి క్రియాపదం దాకా ఊపిరి బిగబట్టాల్సిందే. కథలో ఇది అందం. సహాయ పత్రంలో ఇది ఆలస్యం. మన భాషే దీనికి మందు కూడా ఇచ్చింది. ఇంగ్లీషువాడిలాగ మనం ఎస్, నో అనం. అడిగిన క్రియనే తిప్పి జవాబు చెప్తాం. వచ్చావా అంటే వచ్చాను, ఇస్తారా అంటే ఇవ్వరు. ఎఫ్‌ఏక్యూకి ఇంతకన్నా పనికొచ్చే అలవాటు లేదు.

నా పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంచుకోవచ్చా?
ఉంచుకోకూడదు. వేరొకరి పాస్‌పోర్ట్‌ని ఉంచేసుకోవడం సింగపూర్ చట్టం ప్రకారం నేరం. వర్క్ పర్మిట్ కార్డు కూడా మీ దగ్గరే ఉండాలి.

మొదటి మాటతోనే జవాబు వచ్చేసింది. తర్వాతి వాక్యాలు ఎందుకో చెప్తాయి. అక్కడే ఆపేసి చదవడం మానేసినవాడికీ నష్టం లేదు. దీనికి తోడు పత్రాల తెలుగులో ఇంకో జబ్బుంది. "చెల్లించబడును", "తెలియజేయబడవలెను" లాంటివి. ఎవరు చెల్లిస్తారు? ఎవరికి ఎవరు తెలియజెయ్యాలి? కర్మణి వాక్యం బాధ్యుణ్ణి మాయం చేస్తుంది. హక్కుల గురించిన కాగితంలో మాయం కాకూడని మనిషి అతనొక్కడే. "కంపెనీ చెల్లించాలి" అని రాయాల్సి వచ్చేసరికి, అసలు పత్రంలో ఎవరో తేల్చని చోట్లు బయటపడ్డాయి. ఇంగ్లీషు నియమం తీసి చూసుకుని ఒక్కొక్కటీ తేల్చాం.

లెక్కలున్న చోట నియమం కన్నా చేసి చూపిన లెక్క మేలు. ఓవర్‌టైమ్ గురించి మా పత్రం "గంట మూలవేతనానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా" అని చెప్పి వదిలేసింది. నిజమే. కాని గంట మూలవేతనం ఎలా కట్టాలి? కొందరు నెల బేసిక్‌ని 30తో, తర్వాత 8తో భాగించి చూసుకుంటారు. 800 డాలర్ల బేసిక్‌కి అలా చేస్తే గంటకి 3.33 వస్తుంది. దానికి ఒకటిన్నర రెట్లు 5 డాలర్లు. అసలు సూత్రం వేరు. ఏడాది బేసిక్‌ని ఏడాదిలో 52 వారాలు, వారానికి 44 గంటలతో భాగించాలి. మా జవాబులో ఇలా పెట్టాం:

నా బేసిక్ 800 డాలర్లు. ఓటీ గంటకి ఎంత రావాలి?
సుమారు 6.29 డాలర్లు. లెక్క ఇది: 12 × 800 ÷ (52 × 44) = 4.20 (గంటకి). దానికి ఒకటిన్నర రెట్లు 6.29. మీ బేసిక్ వేరే అయితే 800 బదులు అది వేసి చూసుకోండి. బేసిక్ ఎంతో పేస్లిప్ మీద ఉంటుంది.

నెలకి 40 గంటల ఓటీ చేసేవాడికి ఈ రెండు లెక్కల మధ్య తేడా సుమారు 52 డాలర్లు. ఇంటికి పంపే డబ్బులో అది చిన్న మొత్తం కాదు.

శీర్షికల సంగతికొస్తే, పత్రం అధ్యాయాలు చట్టాల్ని బట్టి ఏర్పడ్డాయి. ఉద్యోగ చట్టం, విదేశీ కార్మికుల చట్టం, గాయాల పరిహార చట్టం. రాసేవాడికి అది సౌకర్యం. మాకు నోట్‌బుక్‌లో గుంపులు వాటంతటవే కనిపించాయి. "జీతం, ఓటీ". "దెబ్బ తగిలితే, జబ్బు చేస్తే". "కాగితాలు, సంతకాలు". "మానేస్తే, పంపేస్తే". నాలుగే. ఒక్కో దాని కింద ఎనిమిది, పది ప్రశ్నలు. అంతకు మించితే ఫోన్ తెర మీద వేలు జారుతూనే ఉంటుంది, కన్ను ఎక్కడా నిలవదు. ఒక ప్రశ్న ఏ శీర్షిక కిందికి వస్తుందో మాలో మేం వాదించుకోవాల్సి వస్తే, ఆ శీర్షికే సరిగా లేదని అర్థం చేసుకున్నాం.

అంకెల లెక్క పూర్తయ్యాక రెండు వైపులా మిగులు తేలింది. అసలు విద్య ఈ మిగుళ్లలోనే ఉందని నేను అనుకుంటాను.

ఒక వైపు, పత్రంలో జవాబు లేని ప్రశ్నలు. వాటిలో తరచుగా వచ్చినది ఇది: "దెబ్బ నా తప్పు వల్లే తగిలింది. అయినా డబ్బులొస్తాయా?" పత్రంలో పరిహారం గురించి నాలుగు పేజీలున్నాయి. ఈ ప్రశ్నకు సూటి జవాబు మాత్రం లేదు. ఎందుకంటే సింగపూర్ గాయాల పరిహార చట్టం తప్పెవరిదని చూడదు. చూడని విషయం గురించి నియమం రాసేవాడు రాయడు కదా! కాని మనవాడికి ఆ ఒక్క మాటే కావాలి. గ్లౌజులు వేసుకోలేదు, నిచ్చెన సరిగా పెట్టలేదు, కాబట్టి తనకి హక్కు లేదనుకుని నోరు మూసుకుంటాడు. కాబట్టి జవాబు ఇలా ఉంది:

నా పొరపాటు వల్లే పనిలో దెబ్బ తగిలింది. పరిహారం అడగవచ్చా?
అడగవచ్చు. పనిచేస్తుండగా, పని వల్ల తగిలిన దెబ్బ అయితే తప్పెవరిదని ఈ చట్టం చూడదు. మద్యం గాని డాక్టర్ ఇవ్వని మత్తు మందు గాని తీసుకున్న ప్రభావంలో తగిలినా, కావాలని చేసుకున్నా, ఆత్మరక్షణ కోసం కాని కొట్లాటలో తగిలినా రాదు. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు అడగాలి. కంపెనీ మ్యాన్‌పవర్ మినిస్ట్రీకి తెలియజెయ్యకపోతే మీరే తెలియజెయ్యవచ్చు.

మూడో వాక్యం తీసేస్తే జవాబు మరింత ధైర్యంగా వినిపిస్తుంది. తీసేద్దామని మాలో ఒకరన్నారు కూడా. కాని ధైర్యం చెప్పడానికి వేరే చోటుంది. ఎర్ర సిరా చుట్టిన వాక్యం ఏదో ఒక జవాబులో కనిపించి తీరాలన్నది మేం పెట్టుకున్న కట్టడి.

రెండో వైపు మిగులు, ఎవరూ అడగని నియమాలు. వీటిలో చాలావాటిని నిశ్చింతగా వెనక అనుబంధంలోకి పంపేశాం. లెవీ రేట్లు కార్మికుడికి అక్కర్లేదు, అది కట్టేది కంపెనీ. కాని ఎవరూ అడగనివన్నీ పనికిరానివి కావు. ఉదాహరణకి, పర్మిట్ దరఖాస్తులో చెప్పిన జీతాన్ని తగ్గించాలంటే కంపెనీ ముందుగా కార్మికుడి రాతపూర్వక ఒప్పుదల తీసుకోవాలి, మ్యాన్‌పవర్ మినిస్ట్రీకి కూడా తెలియజెయ్యాలి. దీని గురించి నాలుగు ఆదివారాల్లో ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు? "ఇక్కడ సంతకం పెట్టు" అన్నప్పుడు అది జీతం తగ్గించే కాగితమని తెలిస్తే కదా అడగడం! సంతకం అయిపోయాక అడిగితే మనం చెప్పగలిగేది చాలా తక్కువ.

తరచుగా అడిగే ప్రశ్నల ప్రక్రియకున్న హద్దు ఇదే. అడగడానికి కూడా కొంత తెలిసి ఉండాలి. ఏమీ తెలియనివాడు అడగడు. కాబట్టి "కాగితాలు, సంతకాలు" శీర్షిక కింద మొదటి ప్రశ్న మేం తయారుచేసినదే: "అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?" ఇది యక్షుడి ప్రశ్న కాదా అని మీరు అడగవచ్చు. కాదనే నా వాదన. నియమంలోంచి ప్రశ్న చెయ్యలేదు, మనిషి నిలబడిన క్షణంలోంచి చేశాం. "జీతం తగ్గింపు నిబంధనలు ఏమిటి?" అని రాసి ఉంటే అది యక్షుడిదే.

ప్రశ్నల్లో ఇమడనివీ కొన్ని ఉన్నాయి. దెబ్బ తగిలిన రోజు నుంచి పరిహారం చేతికి వచ్చేదాకా చెయ్యాల్సిన పనులు వరసలో జరగాలి. వాటిని ఆరు ప్రశ్నలుగా కోస్తే ఏది ముందో ఏది వెనకో పోతుంది. ఆ వరసను వరసగానే, అంకెలు వేసి, ఒక పేజీలో ఉంచాం. జవాబులు దానివైపు వేలు చూపిస్తాయి. ప్రతిదాన్నీ ప్రశ్న చెయ్యాలన్న ఉత్సాహం వచ్చినప్పుడు పాకశాస్త్ర గ్రంథం గుర్తు తెచ్చుకోండి. "పోపు ఎప్పుడు పెట్టాలి?", "పప్పు ఎప్పుడు వెయ్యాలి?" అని ప్రశ్నలుగా రాసిన సాంబారుని ఎవరూ వండలేరు.

ఎఫ్‌ఏక్యూలే వద్దనేవాళ్లున్నారు, వాళ్ల వాదనలో పస ఉంది. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ 2013లోనే తమ దగ్గర ఇవి ఉండవని ప్రకటించింది. చదివేవాడి అవసరాన్ని బట్టి అసలు పేజీ సరిగా రాస్తే వీటి అవసరమే రాదని, ఇవి ఉంటే ఒకే సంగతి రెండు చోట్ల ఉంటుందని వాళ్ల మాట. రెండు చోట్ల ఉండటం నిజంగా ప్రమాదమే. వర్క్ పర్మిట్ కార్మికుడికి కంపెనీ తీసుకోవాల్సిన వైద్య బీమా కనీస మొత్తం 15,000 డాలర్లుగా ఉండేది. 2023 జులై 1 నుంచి మొదలయ్యే పాలసీలకు అది 60,000 అయింది. 28 పేజీల పత్రంలో ఆ అంకె ఒక్కచోటే ఉంది. మా మొదటి చిత్తులో నాలుగు జవాబుల్లోకి పాకింది. నియమం మళ్లీ మారినప్పుడు మూడు దిద్ది ఒకటి వదిలేస్తే, వదిలేసినదే ఎవరికో చేరుతుంది. అందుకని మారే అంకెలన్నీ ఒక పట్టికలో ఉంచాం. ఏ జవాబు ఏ అంకె వాడుతోందో పక్కనే రాశాం. ప్రతి జవాబు కిందా చివరిసారి సరిచూసిన నెల వేశాం.

అయినా నేను వాళ్లతో పూర్తిగా ఏకీభవించను. వాళ్లు మాట్లాడుతున్నది తెర ముందు కూర్చుని పేజీ తెరిచే పాఠకుడి గురించి. పెంజురులో పత్రం అలా ప్రయాణించదు. ఒక జవాబు వాట్సాప్‌లో వెళ్తుంది. గదిలో పన్నెండు మంది ఉంటే ఒకడు చదువుతాడు, మిగతావాళ్లు వింటారు. ఇంకొకడు దాన్ని వాయిస్ మెసేజ్ చేసి పక్క డార్మ్‌కి పంపుతాడు. పేజీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యదు, ప్రశ్నా జవాబూ జంటగా చేస్తాయి. కాబట్టి మా జవాబుల్లో "పైన చెప్పినట్టు", "రెండో ప్రశ్న చూడండి" లాంటివి లేవు. ఆ పైన ఉన్నది అందరి ఫోన్లలోనూ ఉండదు. ప్రతి జవాబూ ఒంటరిగా ఊరు దాటేదే, దారి ఖర్చులు దానితోనే కట్టి పంపాలి.

మేం చేసిన పరీక్ష కూడా దీన్ని బట్టే. జవాబు ఒక్కటే తీసి, ప్రశ్న కూడా లేకుండా, ఈ పనితో సంబంధం లేని ఒకాయనకి వినిపించాం. విన్నాక మూడే అడిగాం. ఇది ఎవరి గురించి? వాళ్లేం చెయ్యాలి? ఎప్పటిలోపు? మూడింటిలో ఏది చెప్పలేకపోయినా ఆ జవాబు వెనక్కి. మొదటి విడతలో మూడో వంతు వెనక్కి వచ్చాయి. చాలావాటిలో లోపం ఒకటే. జవాబు సగం అర్థాన్ని ప్రశ్నలో వదిలేసి వచ్చింది.

28 పేజీల పత్రాన్ని మేం పారెయ్యలేదు. అంకెలు వేసిన ఆ ప్రతి అల్మారాలోనే ఉంది. రేపు ఏ నియమం మారినా ముందు అక్కడ దిద్దాలి, తర్వాత ఆ అంకె వాడుకున్న జవాబుల్లోకి వెళ్లాలి. నోట్‌బుక్ కూడా మూసెయ్యలేదు. ఇప్పుడు అందులో కొత్త వరస ఒకటి గీశాం: అడిగారు, మా దగ్గర లేదు. పోయిన ఆదివారం దాంట్లో చేరింది ఇది: "అన్నా, ఏజెంటుకి ఇచ్చిన పైసలకి రసీదు లేదు. అడగొచ్చా?" ఈ వారం పని అదే.